ఫ్లాష్‌కు దొరకని మచ్చ

మా తాతను వీధిలో అందరూ మచ్చల డాక్టరు అంటారు. చదివింది ఎనిమిదో తరగతి. నేను పది తప్పాను కాబట్టి మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఆయనది ఫొటో స్టూడియో. మొటిమ, గాటు, కంటి కింద నలుపు ఏదైనా సరే, కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్‌తో మాపేస్తాడు.

నాయనమ్మ పోయాక స్టూడియో వెనక గదిలోనే ఉంటున్నాడు. ఒక మంచం, ఒక కంచం. మధ్యాహ్నం నేను క్యారియర్ తీసుకెళ్తాను. నిరుడు వేసవిలో ఉన్నట్టుండి పొడుగు చేతుల చొక్కాలు మొదలుపెట్టాడు.

"ఏం తాతా, పెళ్లిచూపులా?"

"దోమలే."

మిట్టమధ్యాహ్నం దోమలు! ఆ తర్వాత నా గ్లాసు వేరు చేశాడు. నేను పక్కన కూర్చుంటే కుర్చీ జరుపుకునేవాడు. అలిగాను. ఆయన బతిమాలలేదు. ఇంకో సంగతి కూడా గమనించాను. ఫొటోకు కూర్చున్నవాళ్ల గడ్డం రెండు వేళ్లతో పట్టి తల సరిచేయడం ఆయనకు అలవాటు. అది మానేసి, కెమెరా వెనకనుంచే "కొంచెం ఎడమకి, కొంచెం కిందికి" అంటున్నాడు.

ఒకరోజు ఉక్కకు చేతులు పైకి మడిచి, కుర్చీలోనే నిద్రపోయాడు. లెన్స్ తుడిచే మెత్తటి బ్రష్ నా చేతికి దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. అరచేతిలో గిలిగింత పెట్టాను, వేళ్లు ముడుచుకున్నాయి. మోచేతి దగ్గర పెట్టాను, ఈగను తోలినట్టు విదిలించాడు. ముంజేతి మీద అరచేతిలో సగమంత మచ్చ ఉంది. పాలతెలుపు కాదు, వెలిసిన గుడ్డ రంగు. దాని మీద వెంట్రుకలు కూడా పలచన. అక్కడ బ్రష్ తిప్పాను. చలనం లేదు. మూడుసార్లు తిప్పాను. మా తాతకు నటించడం రాదు.

లేచాక అడిగేశాను.

చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. "ఏడాదిన్నరైంది. నొప్పి లేదు, దురద లేదు. లేనిదాన్ని ఏమని చెప్పుకోను?" గుండీ పెట్టుకుంటూ అన్నాడు, "కుష్టేమోనని తెలిస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారే? గడ్డం పట్టుకోనిస్తారా?"

ఇన్నాళ్లూ ఆ మాట ఒక్కడే మోశాడన్నమాట.

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ నాకు తెలుసు. ముందు ఫొటో పంపిద్దామన్నాను. ససేమిరా అన్నాడు. చొక్కా చెయ్యి పైకి లాగి, కావాలనే ఫోన్‌లో ఫ్లాష్ కొట్టి ఫొటో తీశాను. చెయ్యంతా సున్నం కొట్టినట్టు వచ్చింది, మచ్చ ఆనవాలే లేదు.

"చూడు, నీకేం లేదు. ఇదే పంపేస్తా."

ఫొటో చూసి ఆయనకు ఒళ్లు మండింది. "మొద్దూ, ఫ్లాష్ కొడితే వెలిసిన రంగు వెలుగులో కలిసిపోదూ! కిటికీ వెలుతురు పక్కనుంచి పడాలి. స్కేలు పెట్టు, ఎంత ఉందో తెలియాలి. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గరనుంచి."

అలా గొణుగుతూ తానే తీశాడు. తెరమీద పెద్దగా పెట్టేసరికి మచ్చ అంచులతో సహా తేలింది. అలవాటుకొద్దీ ఆయన మౌస్ దాని మీదికి వెళ్లింది. ఆ చేతిని పట్టుకున్నాను.

"మాపకు తాతా."

పంపిన ఫొటోలు చూసి నర్సమ్మ ఫోన్ చేసింది. "మచ్చ కనిపిస్తోందమ్మా. సిబ్బెం లాంటి మామూలు మచ్చ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. స్పర్శ ఉందో లేదో ఫొటోలో పడదు కదా. రేపు పొద్దున్నే పెద్దాయన్ని తీసుకురా."

మర్నాడు ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ తాతను కళ్లు మూసుకోమంది. దూది కొసతో ముట్టుకుంటూ, తగిలినచోట వేలు పెట్టమంది. మోచేయి, మణికట్టు, వేలికొస, అన్నీ సరిగ్గా చూపించాడు. తర్వాత ఊరకే కూర్చున్నాడు.

"ఆపేశారేమ్మా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె అప్పటికి మచ్చ మీద నాలుగుసార్లు ముట్టుకుంది.

మోచేతి వెనక నరం తడిమింది. చిటికెనవేలిని పక్కకు చాపి గట్టిగా నిలపమని, తాను నొక్కి చూసింది. వేలు లొంగలేదు.

"కుష్టే పెద్దాయనా. కానీ వేళ్ల బలం పోకముందే వచ్చారు. ఆరు నెలలు మాత్రలు వేసుకోండి, ఉచితం. మొదలుపెడితే మీ నుంచి ఎవరికీ అంటుకోదు. నరం చచ్చాక వచ్చుంటే క్రిమిని చంపేదాన్నిగానీ, వంకరపోయిన వేళ్లు మాత్రలతో తిరిగొచ్చేవి కావు."

నర్సమ్మ నన్నూ చూసింది, నాకు మచ్చల్లేవు. తాతకు మాత్రలిస్తూ, "మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారుపడకండి" అంది.

"దానికీ ఫొటో తీయాలా అమ్మా?" అన్నాడు తాత.

స్టూడియోకొచ్చాక మాత్రం కుర్చీ మళ్లీ దూరంగానే జరుపుకున్నాడు.

రెండు నెలలకు పది మళ్లీ కట్టడానికి నాకు ఫొటో కావాల్సొచ్చింది.

"ఎడమకి" అన్నాడు. కుడికి తిరిగాను. "అటు కాదే." పైకి చూశాను. నాలుగుసార్లు తిప్పలుపెట్టాను. చివరికి కెమెరా వెనకనుంచి వచ్చాడు. చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత రెండు వేళ్లతో నా గడ్డం పట్టుకున్నాడు.

"కదలకు, కోతీ."

కదల్లేదు. ఆ ఫొటోలో నా మొటిమను ఆయన మాపలేదు.

మిగతావాళ్లకు మాత్రం ఇప్పటికీ కెమెరా వెనకనుంచే చెబుతున్నాడు, "కొంచెం ఎడమకి, కొంచెం కిందికి" అని.