ఫొటో బాబాయ్‌కి తొంభై నాలుగు మార్కులు

ఆ పేటలో ఎవరి ముఖమైనా ఏదో ఒక రోజు ఫొటో బాబాయ్ చేతిలో పడాల్సిందే. పాస్‌పోర్టు ఫొటో కోసం స్టూలు మీద కూర్చోగానే, రెండు వేళ్లతో గడ్డం పట్టుకుని తల నిటారుగా నిలబెడతాడు. బజారులో సొరకాయను కూడా అలాగే నిలబెట్టి చూస్తాడని భార్య ఫిర్యాదు.

ఫోన్లలోనే అందరూ ఫొటోలు తీసుకోవడం మొదలయ్యాక స్టూడియోలో ఈగలు తోలుకోవాల్సి వచ్చింది. అప్పుడు ఆయనకొక ఉపాయం తట్టింది. ఫొటో పెడితే ముఖంలో కుడి ఎడమలు ఎంత సరిపోలాయో చూసి, పొడవును వెడల్పుతో భాగించి, నూటికి మార్కులేసే యాప్ ఒకటి కంప్యూటర్‌లోకీ, తన ఫోన్‌లోకీ ఎక్కించాడు. భాగిస్తే ఒకటిన్నర దాటి ఇంకాస్త రావాలట, అది బంగారు నిష్పత్తట. వాకిట్లో 'మీ అందానికి మార్కులు' అని బోర్డు కట్టాడు. బోణీ తనదే. తొంభై నాలుగు! ఆ రోజంతా అద్దం కనబడిన చోటల్లా ఆగాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇంటికెళ్లి, పొయ్యి దగ్గరున్న భార్య ముఖానికి జానెడు దూరంలో ఫోను పెట్టి క్లిక్కుమనిపించాడు. "ఏంటండీ?" అంటూ ఆవిడ సగమే తిరిగింది. యాభై ఎనిమిది వచ్చింది. చాలదన్నట్టు యాప్‌లో ఇంకో వేడుక చూపించాడు. ముఖాన్ని ముక్కు మీదుగా నిలువునా కోసి, ఒక్కో సగానికి అద్దంలో దాని బింబాన్నే తెచ్చి అతికించడం. ఒక బొమ్మ గుమ్మడికాయలా వచ్చింది, రెండోది బెండకాయలా.

"ఎవరండీ వీళ్లిద్దరూ?"

"నువ్వేనే! రెండు చెంపలకీ పొంతన లేదు చూడు."

ఆవిడ గరిటె దించి చేతులు తుడుచుకుంది. "సరే. ఆదివారం మన పెళ్లిరోజు ఫొటోకి నేను రాను. గుమ్మడక్కా, బెండక్కా ఉన్నారుగా. మధ్యలో మీరు నిలబడండి."

ఏటా పెళ్లిరోజుకి ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటోలు స్టూడియో గోడ మీద వరుసగా ఉన్నాయి. ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారిది పాతికో ఫొటో. బాబాయ్ బతిమాలాడు, కొత్త చీర అన్నాడు. ఆవిడ మెత్తబడలేదు. తల్లి దగ్గర మొరపెట్టుకుంటే, "దానికి యాభై ఎనిమిదేమిట్రా, నిన్ను చేసుకుందిగా, ఓర్పుకే నూరు వెయ్యాలి!" అని ఆవిడా కోడలి పక్షమే.

ఆదివారం బాబాయ్ స్టూడియోలో ఒక్కడే కూర్చుని ఉంటే, భార్య ముస్తాబై వచ్చింది. ఆయన ముఖం వెలిగింది.

"ఫొటోకి రాలేదు. పేపరు మళ్లీ దిద్దించడానికొచ్చాను. ఇలా తిరగండి."

కిటికీ పక్కన నిలబెట్టి, ముక్కుకు ఫోను తగిలేంత దగ్గరగా తీయబోయింది.

"ఆగవే! అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు లావెక్కి చెవులు వెనక్కి పోతాయి, ముఖం సన్నబడిపోతుంది. దూరం జరగాలి."

"ఓహో! మరి ఆ రోజు నా చెవులెక్కడికి పోయాయి?"

బాబాయ్ పాఠం చెప్పే ధోరణిలోనే, "పైగా తల తిప్పితే ఒక చెంప ఎక్కువ, ఇంకోటి తక్కువ కనబడుతుంది. వెలుగు ఒక పక్కే పడితే..." అని మాటమధ్యలో ఆగిపోయాడు. స్టూలెక్కిన ప్రతివాడికీ తను చెప్పే పాఠమే ఇది. భార్య దగ్గర మాత్రం అదేమీ గుర్తుకు రాలేదు.

ఆవిడ అలాగే తీసింది. యాభై మూడు. సగాలు అతికిస్తే ఒక బాబాయ్ పనసకాయ, ఇంకో బాబాయ్ మునక్కాయ.

"మరి తొంభై నాలుగెలా వచ్చింది?" అంటూ పాత ఫొటో తెరిచింది. ముఖం పొడవు కొలవడానికి నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట ఒక చుక్క ఉంది.

"మీకు అక్కడ జుట్టేదండీ?"

"యాప్‌కి దొరకలేదు, నువ్వే పెట్టు అంది. ఉన్నప్పుడు ఉండే చోట పెట్టాను."

"ఆ చోటే అని గ్యారంటీ ఏమిటి?"

"అక్కడ పెడితే అంకె బాగా కుదిరింది," అన్నాడు బాబాయ్ నేల చూపులు చూస్తూ.

ఆవిడ చుక్కను ఇప్పుడు జుట్టున్న నడినెత్తికి జరిపింది. డెబ్భై ఒకటి!

తర్వాత తను స్టూలెక్కింది. బాబాయ్ దూరంగా స్టాండు మీద కెమెరా పెట్టి, రెండు పక్కలా లైట్లు వేసి, గడ్డం పట్టుకుని తల నిలబెట్టాడు. ఎనభై ఆరు. ఆవిడకి నవ్వొచ్చి ఒక పక్కకి పెదవి వంగింది. డెబ్భై తొమ్మిది.

"నేను స్టూలు దిగనే లేదు, అప్పుడే ఏడు మార్కులు పోయాయి! ఇంతకీ ఆ అంకె కుదిరితేనే అందమని ఎవరు తేల్చారు?"

"యాప్."

"దాని ముఖం ఎప్పుడైనా చూశారా?"

బాబాయ్ లేచి బోర్డు విప్పేశాడు. అయినా ఆవిడ స్టూలు దిగలేదు, ఒక షరతు పెట్టింది. బాబాయ్ ఒప్పుకున్నాకే పాతికో ఫొటో దిగింది. అందులో ఆవిడ పెదవి ఇంకా పక్కకే ఉంది.

బోర్డున్న చోట ఇప్పుడు పనసకాయదొకటి, మునక్కాయదొకటి, రెండు పెద్ద ఫొటోలు వేలాడుతున్నాయి. గిరాకీలు లోపలికి వస్తూ, "ఆ బట్టతల అన్నదమ్ములెవరు బాబాయ్?" అని అడుగుతుంటారు.

బాబాయ్, భార్య లోపల లేదని చూసుకుని, "మా బావమరుదులు," అంటాడు.