ముందే అయిపోయిన పాఠం

బడి ఆఫీసువాళ్లు ఫోనులో చెప్పింది కొంచెమే. ఐదో తరగతి, భిన్నాల్లో సగం, పావు, ఇరవై నిమిషాల నమూనా పాఠం. "పిల్లలు ఎలాంటివాళ్లండీ?" అని అడిగితే, "వచ్చాక చూద్దురుగాని. బోర్డు, సుద్దముక్క ఇస్తాం" అని పెట్టేశారు.

వీధిలో అందరూ ఆమెను ట్యూషనమ్మ అంటారు. వసారాలో చాపేసి పాఠాలు చెప్పే ఆమెకు, బడిలో ఉద్యోగం కోసం ఇన్నేళ్లకు వచ్చిన మొదటి పిలుపు ఇది. పాత క్యాలెండరు చతురస్రాలుగా కత్తిరించుకుంది. ముందు ఒక ప్రశ్న, తర్వాత కాగితం మడత, చివర్లో పిల్లలకు వచ్చిందో లేదో చూసే ఇంకో ప్రశ్న. అత్తగారిని విద్యార్థిగా కూర్చోబెట్టింది.

"వాళ్లకి ముందే వచ్చుంటేనో?" అంది అత్తగారు.

"మీరు పిల్లలా ఉండండత్తయ్యా, ఇన్‌స్పెక్టరులా కాదు."

తరగతిలో వెనక బెంచీ మీద ప్రధానోపాధ్యాయురాలు, ఇంకో ఇద్దరు టీచర్లు కూర్చున్నారు. ట్యూషనమ్మ కాగితం పైకెత్తిందో లేదో, పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకున్నారు: "మధ్యకి మడిస్తే సగం! ఇంకోసారి మడిస్తే పావు!"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ముందు బెంచీ పిల్ల జాలిగా చెప్పింది: "పొద్దున్నుంచీ ఇదే టీచర్. మీరు నాలుగోవారు. ఒక సారు రొట్టె కూడా గీశారు."

వేసుకున్న పథకమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. వెనక బెంచీ వైపు చూస్తే అక్కడ ఒక్క ముఖమూ కదల్లేదు. గోడ గడియారం మాత్రం నడుస్తోంది. చేతిలో ఉన్నవి అవే కాగితాలు. ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా ఒకదాన్ని మధ్యకు, ఇంకోదాన్ని మూల నుంచి మూలకు మడిచి చింపింది. ఒక పొడుగు ముక్క, ఒక త్రికోణం.

"రెండూ సగాలే. ఏది పెద్దది?"

"త్రికోణం!" అని సగం క్లాసు. "పొడుగుదే!" అని మిగతా సగం. "చూస్తే తెలీట్లేదురా?" అని ఒకడు పక్కవాణ్ని గిల్లాడు.

"నోటితో కాదు, చేత్తో చూపించండి" అని కాగితాలు పంచింది. గోల, చింపులు, కింద కాగితపు చెత్త. చివరికి ముందు బెంచీ పిల్ల త్రికోణాన్ని రెండుగా చింపి, ఒక ముక్కను పొడుగుదాని మధ్యలో పెట్టి, రెండో ముక్కను మళ్లీ సగం చేసి రెండు మూలల్లో సర్దింది. అతికినట్టు సరిపోయాయి. "అరె, సమానమే!"

మిగిలిన కాస్త సమయంలో ఇంకో కాగితం మడవబోయి మానుకుంది. బోర్డు మీద ఒక చతురస్రాన్ని అడ్డదిడ్డంగా నాలుగు ముక్కలు చేసి, "ప్రతి ముక్కా పావేనా?" అని రాసి, జవాబు కాగితం మీద రాయమంది. గంట మోగింది.

"అందరికీ వచ్చిందా?" అని అడిగింది ప్రధానోపాధ్యాయురాలు.

ట్యూషనమ్మ జవాబులు తిరగేసింది. "రాలేదండీ. నాలుగు ముక్కలుంటే చాలు, పావే అనుకుంటున్నారు చాలామంది. ముక్కలు సమానంగా ఉండాలన్నది ఇంకా పట్టుబడలేదు."

ప్రధానోపాధ్యాయురాలు కళ్లజోడు తీసింది. "పొద్దున్నుంచీ ముగ్గురూ అందరికీ వచ్చిందన్నారమ్మా."

ట్యూషనమ్మ తల వంచుకుని బల్లల కింది చెత్త ఏరడం మొదలుపెట్టింది.

"అవి ఆయా ఊడుస్తుందిలే. సోమవారం ఇదే క్లాసుకి రండి. అక్కణ్నుంచే పాఠం ఎత్తుకోండి."

"ఇంకో నమూనా పాఠమా అండీ?" అంది ఆమె, బిక్కమొహంతో.

వెనకనున్న ఇద్దరూ ఫక్కున నవ్వారు. "ఉద్యోగమమ్మా!"

ఏరిన కాగితాలన్నీ మళ్లీ కింద పడ్డాయి.