లింగవ్వ పెద్దమ్మ కొట్టేయించిన కన్నీళ్లు

నిన్న కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఎక్కడో పసుపు ఉడికిస్తున్న వాసన వచ్చింది. ఆ వాసనకు అందరికీ ఇంటికొచ్చిన పంట గుర్తొస్తుంది. నాకు చేతికి రాని పంటా, దాని మీద నేను రాసిన కవితా గుర్తొచ్చి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లింగవ్వ పెద్దమ్మది ఇబ్రహీంపట్నం పక్కన మా ఊళ్లో మా పక్కిల్లు. పెద్దనాన్న దుబాయిలో ఉంటే, పసుపు చేను ఆమే చూసుకునేది. ఆ ఏడు వాన వారం రోజులు వదల్లేదు. పల్లంలో నీళ్లు నిలిచాయి. ఆకులు అంచుల నుంచి ఎండుతూ వచ్చాయి. మొక్కను పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేది, కింద దుంప మెత్తబడి కంపు కొట్టేది. మొదళ్లలో మందు నీళ్లు పోసింది కానీ అప్పటికే ఆలస్యమైంది.

నేను కొత్తగా పంతులమ్మనైన రోజులవి, పైగా కవిత్వం పిచ్చి. 'భూమి మోసం చేసింది, ఆమె కన్నీళ్లలో చేను మునిగింది' అని రాసి జగిత్యాల సభలో చదివాను. చప్పట్లే చప్పట్లు. సభ వాళ్లు తమ సంచికలో వేస్తామన్నారు. గొప్పగా వచ్చి పెద్దమ్మకు చదివి వినిపించాను. బియ్యం చెరుగుతూ చివరిదాకా విన్నది.

"మంచిగనే ఉన్నది. గామె ఎవలు బిడ్డా?"

నువ్వే అన్నాను. చాట పక్కన పెట్టింది.

"భూమేం మోసం జేసింది? నీళ్లు పోయే కాల్వ వానకు ముందుగాల్నే తియ్యాలె. నేను తియ్యలే. గది రాయకపోతివి."

"మరి నువ్వు ఏడవలేదా పెద్దమ్మా?"

"ఏడ్సిన కావచ్చు, యాదికి లేదు. కుళ్లినయి మట్టితోని సహా ఎత్తి అవుతల పారబోసుడు యాదికున్నది. మెరక మీది మంచి దుంపలు విత్తనానికి ఏరిన. గిప్పుడు కాల్వ తీస్తున్న. వచ్చే ఏడు గా చేన్ల పసుపు పెట్టను, మక్కజొన్న ఏస్త. నన్ను జూసి నలుగురు అయ్యో అంటే, గా నలుగుర్ల నేనెట్ల తిరగాలె?"

తప్పు వానదా, ఆమెదా? ఆమె ఒప్పుకున్న తప్పును నేను రాస్తే గౌరవమా, అవమానమా? రెండు రోజులు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చివరికి ఆమె చెప్పినవే వరసగా రాశాను:

'ఆ ఏడు పసుపు పండలేదు.
కాలువ ముందే తీయలేదు.
కుళ్లినవి పారబోసింది,
మంచివి విత్తనానికి ఏరింది.
ఇప్పుడు కాలువ తవ్వుతోంది.'

మొదటిదాని బదులు ఇదే పంపితే, ఇందులో కవిత్వం ఏదని సంచిక వాళ్లు తిప్పి పంపారు. పెద్దమ్మ మాత్రం రెండుసార్లు చదివించుకుని, "గిప్పుడు నేనే" అన్నది.

వాళ్లది నిజమో, ఆమెది నిజమో నాకు ఇప్పటికీ తేలలేదు. పెద్దమ్మ పోయి చాలా రోజులైంది. ఎవరి గురించి రాస్తున్నా, కన్నీళ్లు అనే మాట దగ్గరికి రాగానే నా కలం ఆగిపోతుంది. ఆ ఏడు ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలియదు. కాలువ మాత్రం తవ్వింది.