రెండు పేజీల్లో పట్టని ఉప్పునీళ్ళు

అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో గుమాస్తాను. జిల్లాలోని మంచినీటి బావుల మీద సర్వేవాళ్ళు రాసిన లావుపాటి నివేదికకు రెండు పేజీల సారాంశం రాసే పని నాకు పడింది. కొత్త బావులు మంజూరు చేసే దొరగారు ఆ రెండు పేజీలే చదువుతారు. మిగతాది బీరువా చదువుకుంటుంది.

దొరగారు ఎండలో జీపులో తిరిగిన శ్రమకు ఒక పేరా కేటాయించాను. అది కోసేయడానికి నాకేమైనా పిచ్చా? తర్వాత, "బావుల నీరు మొత్తం మీద బాగుంది, మెట్ట గ్రామాల్లోనే కొరత" అని నున్నగా రాశాను. సముద్రపొడ్డున ఉన్న భావనపాడు బావి వేసవిలో ఉప్పెక్కుతుందన్న సంగతి చేరిస్తే వాక్యం నడక చెడుతోంది. కొట్టేశాను.

ఆ నీళ్ళు తాగి వచ్చిన సర్వేయరు నాకు వరసకు బావ. నా రాత చూసి మండిపడ్డాడు.

"ఒరే, ఉప్పునీళ్ళ ముక్క ఏటైపోనాది?"

"నివేదిక లోపల ఉంది కదా బావా."

"లోపలికెవుడెల్తాడురా? దొరగారి జీపెల్తాదా? రేపు నోటితోనైనా సెప్పు."

మర్నాడు దొరగారు చదివి, "ఒక్క ముక్క ఎక్కువ లేదయ్యా!" అని మెచ్చుకున్నారు. సంతకం పెట్టబోతూ, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు కూడా.

ఉందంటే నా సారాంశంలో లోటున్నట్టే కదా. "లేదండీ" అన్నాను.

మెట్ట గ్రామాలకు బావులొచ్చాయి. నాకు మంచి రాతగాడినన్న పేరొచ్చింది. భావనపాడు ఆడవాళ్ళు మాత్రం ఆ వేసవంతా బిందెలెత్తుకుని పక్క ఊరికి నడిచారు.