గోడకు అంటించిన లండన్ టైము

ఆదోనిలో చేనేత దుప్పట్లు ఎగుమతి చేసే ఆఫీసులో నేను టెలెక్స్ ఆపరేటరును. దుప్పట్లు ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసేవారు. కొనేవాడు లండన్‌లో ఉండేవాడు. అతను ప్రతి సోమవారం తన గడియారంలో తొమ్మిది నుంచి పది దాకా టెలెక్స్ మెషిన్ ముందు కూర్చుని మీటలు కొట్టి మాతో మాట్లాడేవాడు; అతను కొట్టింది మా మెషిన్‌లో కాగితం మీద అచ్చయ్యేది. పది కాగానే వేరే ఊళ్లకు బయలుదేరేవాడు. ఇక వారం దాకా దొరకడు.

ఆ గంటను మన టైముకు మార్చి పట్టిక వేయమని మేనేజరు నాకు చెప్పాడు. నేను రెండు వరుసలు రాశాను. చలికాలంలో మనకు రెండున్నర నుంచి మూడున్నర. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు తిప్పుతారు కాబట్టి, ఆ తర్వాత ఒకటిన్నర నుంచి రెండున్నర. లైబ్రరీలో చూసి ఖాయం చేసుకున్నాను.

మేనేజరు దాన్ని అందరి ముందూ చదివాడు.

"ఏం పాపా, ఎండాకాలమొస్తే గడియారం గూడా పరిగెత్తుతాదా? యాడ సదివినావు, నవలల్లోనా?"

గుమాస్తాలు నవ్వారు.

"ఒకటిన్నరకు నేను అన్నం తినేది లేదా?" అని రెండో వరుస కొట్టేశాడు. మళ్లీ టైపు చేయించి, తన సంతకం పెట్టి గోడకు అంటించాడు. "నేను లేకుండా లండన్‌కు ఒక్క అక్షరం కొట్టొద్దు."

కొట్టేసిన కాగితం డైరీలో దాచుకుని మార్చి కోసం ఎదురుచూశాను.

గడియారం మారిన మర్నాడే సోమవారం. ఆ రోజు దుప్పటి అంచు రంగు తేలాలి, లేకపోతే నూలు అద్దకం ఆగిపోతుంది. రెండున్నరకు యజమాని కూడా వస్తానన్నారు.

సరిగ్గా ఒకటిన్నరకు మెషిన్ కదిలింది. ఉన్నారా అని అడిగాడతను. నేను టిఫిన్ డబ్బా విప్పాను. మేం పంపిన రెండు ఎరుపు నమూనాల్లో ఏది వెలిసిపోదు అని అడిగాడు. ఒకసారి చెయ్యి మీటల దాకా పోయింది. గోడ మీది సంతకం చూసి వెనక్కి తీసుకున్నాను. రెండున్నరకు ఐదు నిమిషాల ముందు, వెళ్తున్నాను, వచ్చే సోమవారం చూద్దాం అని వచ్చింది.

మేనేజరు, యజమాని కలిసి వచ్చారు. యజమాని మెషిన్‌లో వచ్చిన కాగితం చదివారు.

"ఈ పట్టీ ఎవరు ఏసినారప్పా?"

"ఈ పాపే సార్."

నేను గోడ మీది సంతకం చూపించాను. డైరీలోని కాగితం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ చదివారు.

"అన్నీ తెలిసి ఒక్క మాటన్నా ఎందుకు కొట్టలేదమ్మా?"

"ఆ సారు లేకుండా కొట్టొద్దన్నారు."

యజమాని మేనేజరు వైపు తిరిగారు. "రేపటి నుంచి టైము ఈ పాప చెప్తాది. నువ్వు పన్నెండుకే తిను."

ఎమ్మిగనూరులో అద్దకం వారం ఆగింది. అందులో నా పాపమూ ఉందని డైరీలో రాసుకున్నాను.

అక్టోబరు చివర అక్కడి గడియారాలు గంట వెనక్కి తిరిగాయి, మనకు మళ్లీ రెండున్నర. ఆ సంగతి యజమానికి చెప్పాను. మేనేజరుకు చెప్పలేదు. రెండు సోమవారాలు ఆయన హడావుడిగా అన్నం మింగి, ఒకటిన్నరకు వచ్చి, లండన్ వాడే ఆలస్యం చేస్తున్నాడనుకుంటూ కదలని మెషిన్ ముందు గంటసేపు కూర్చున్నాడు.