ఆనాడు కాల్హేర్‌లో నీళ్లెంత లోతు

పద్మనగర్‌లో ఎవరింట చావు జరిగినా నేను వెళ్లి నాలుగు మాటలు చెప్పనిదే ఏడుపు ఆగదని పేరు. ఇప్పటికి వెయ్యి ఇళ్లనైనా ఓదార్చి ఉంటాను. సరే, వెయ్యి కాదు, వంద కూడా ఉండవు. ఎన్ని ఇళ్లకు వెళ్లినా చెప్పేది ఒకటే కాబట్టి ఒక్క ఇంటి కిందే లెక్కని మా ఆవిడ అంటుంది. పుట్టినవాడు గిట్టక తప్పదని మొదలుపెట్టి, దీపం, నూనె, ఒత్తి మీదుగా నడిపించి, అందరి కళ్లూ తుడిచి వచ్చేసరికి గంట పడుతుంది. పావుగంటే. వినేవాళ్లకు గంట.

ఆ రోజు పొద్దున పక్క గల్లీలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఆగిపోయాయి. మా దగ్గర అన్ని ఖార్ఖానాల్లో మగ్గాలు ఒక్కసారి ఆగితే కరెంటు పోయిందని అర్థం. ఒక్క ఖార్ఖానాలోనే ఆగితే మనిషి పోయాడని. ఆగినవి మా బావవి. సొంత బావ కాదు. ఆయన భార్యది మేం బతుకుతెరువుకు వదిలొచ్చిన ఊరే కనుక ఆమె నాకు చెల్లె, ఆయన బావ. పోయింది వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. ముప్పై దాటినవాడు, కాల్హేర్‌లో ఒక గోదాములో ట్రక్కుల లోడింగ్ చూసుకునేవాడు. నన్ను మామా అని పిలిచేవాడు.

తాగుడుతో పోయాడు. గల్లీలో అందరికీ తెలుసు. మధ్యలో కొన్ని నెలలు మానేశాడు, ముఖం తేటపడింది, పెళ్లి మాట కూడా లేచింది. తర్వాత మళ్లీ మొదలైంది. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కాళ్లు సన్నబడ్డాయి. ఆ తెల్లవారుజామున నెత్తురు కక్కుకున్నాడు. ఆసుపత్రిలో ఎక్కించిన నెత్తురు ఎక్కించినట్టే బయటికి వచ్చిందట. బావ మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పాడు, "గుండెపోటు."

అందరూ తలలు ఊపారు. ఊపి, గుండెపోటుకు తాగుడు మాన్పించే మందులు చెప్పారు.

ఆ ఇంట్లో ఆ రోజు అంతమంది పండితులు ఎక్కడి నుంచి ఊడిపడ్డారో తెలియదు. ఒకాయన, "నేను అప్పుడే చెప్పిన, మాల వేయించుండ్రి అని," అన్నాడు. ఇంకొకాయన, "పెండ్లి చేస్తే దారికొచ్చెటోడు," అన్నాడు. ఆయన సొంత కొడుకు పెళ్లయ్యాకే దారి తప్పాడు, అది వేరే సంగతి. ఒకామె చెల్లె చెయ్యి పట్టుకుని, "పోనీ తియ్యి వదినె, ఇగ మీకు రోజూ నరకం లేదు," అంది. వరం ప్రసాదించినట్టు చెప్పి, చాయ్‌లో చక్కెర తక్కువైందని లోపలికి కబురు పంపింది. ఇంకొకడు బావకు ఒక మంచి డాక్టరు అడ్రసు కూడా ఇచ్చాడు. ఎవరిని చూపించాలో మాత్రం చెప్పలేదు.

చెల్లె గోడ వైపు తిరిగి పడుకుంది. కొడుకు గురించి అంతమంది మాట్లాడుతున్నారు, అందులో ఆమె కొడుకు మాత్రం లేడు, సీసా ఒక్కటే ఉంది. ఇది నేను అప్పుడే గ్రహించానని చెప్పుకోవాలని ఉంది. గ్రహించలేదు. వరసలో నా దీపం, నూనె, ఒత్తి వంతు రాకుండానే శవం లేవడంతో అలిగి ఇంటికొచ్చాను.

"మూడోనాడు పిట్టకు పెడుతరు గద, ఆడ చెప్త," అన్నాను మా ఆవిడతో.

"ఏంది చెప్పేది? నోరు కట్టేసుకొని కూసుంటే పుణ్యముంటది," అంది. వాళ్లింట పొయ్యి వెలగదని ఆమె అప్పటికే ఆ ఇంటికి అన్నం, కూర మోస్తూ ఉంది. మాటలు చెప్పే పని నాది, మోసే పని ఆమెది. మా సంసారంలో పని ఎప్పుడూ ఇలాగే సమానంగా పంచుకుంటాం.

మూడోనాడు వరాలా తలావ్ చెరువు దిక్కున ఖాళీ జాగాలో చేరాం. పిట్టకు పెట్టడమంటే పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి ముడితే వాడు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు పెద్దమనుషులందరూ ఆ కోరికేమిటో కనిపెట్టే పనిలో పడతారు.

అన్నం, కోడికూర, పూరీలు, మిఠాయి పెట్టారు. తీగ మీద కాకి కూర్చుంది. చూసింది. ముక్కు తీగకు రుద్దుకుంది. దిగలేదు.

చెల్లె తమ్ముడు, అంటే పోయినవాడి మేనమామ, సంచిలో చెయ్యి పెట్టాడు. "నాకెర్కనే. ఇది లేనిది వాడు ముట్టడు," అంటూ క్వార్టర్ సీసా తీశాడు. మూడు రోజులుగా తాగుడును అందరికంటే గట్టిగా తిట్టినవాడు ఆయనే. నాలుగు దిక్కుల నుంచి "అవ్ అవ్, పెట్టు" అన్నారు. మందు పిల్లవాడిని చంపిందన్న నోళ్లే, పిల్లవాడికి మందు ఇష్టం అంటున్నాయి. మాలో ఎవరు పోయినా ఆకులో మందు పోయడం మామూలే, ఆ తర్వాత మనుషులు తాగడమూ మామూలే. ఎవరికీ వింతగా అనిపించలేదు.

చెల్లె మాత్రం ఆకు ముందు అడ్డంగా కూర్చుంది.

"వానికిష్టమని ఎవలన్నరు?"

"అక్కా, రోజూ తాగేటోడు గాదే?"

"తాగేటోడు. ఇష్టముండి గాదు, విడువరాక. పొద్దుగాల చేతులు వణుకుతుంటే గిలాస పట్టరాక ఏడ్చేటోడు. గది ఇష్టమైతే మనిషి ఏడుస్తడా?"

సీసా మేనమామ చేతిలోనే ఉండిపోయింది. బావ అటూ ఇటూ కాకుండా నేల చూస్తున్నాడు. "కాకి ముట్టకపోతే ఇంటికి మంచిది గాదు" అని వెనుక నుంచి ఒక గొణుగుడు. చివరికి అందరూ నావైపు చూశారు. "నువ్వు పెద్దోనివి, నువ్వు చెప్పు."

నా వంతు వచ్చింది. దీపం వెలిగించడానికి నోరు తెరిచాను. చెల్లె నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ముందు దీపం రాలేదు, నూనె రాలేదు. నోట్లోకి వచ్చింది మరొకటి.

"మొన్న వానల్ల కాల్హేర్ మునిగిన నాడు, వాడు నన్ను భుజం మీద ఎక్కించుకొని తెచ్చిండు," అన్నాను. "నీళ్లు మెడ దాంక. పక్కపొంటి ట్రక్కులు తేలుకుంట పోతున్నయి. ఒక పామైతే నా ముఖంలకు చూసింది."

చెల్లె కనుబొమలు ముడిపడ్డాయి. "అన్నా, నీళ్లు మెడ దాంకనా?"

"ఛాతీ దాంకనన్న పక్కా."

"ఆ రాత్రి వాని ప్యాంటు పిండింది నేనే. మోకాళ్ల కాడికే తడిసింది."

"మోకాళ్ల మీదికి ఉండె చెల్లె."

"కిందికే."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మా ఆవిడ అయి ఉంటుంది. ఇక ఒప్పుకోక తప్పలేదు. ట్రక్కులు తేలలేదు, నిలబడి ఉన్నాయి. పాము సుతిలి తాడు. భుజం కూడా ఎక్కలేదు. నీళ్ల కింద మూతలేని నాలా ఎక్కడుందో కనబడక, పని మీద అటు పోయిన నేను గోదాము మెట్ల మీద వణుకుతూ నిలబడితే, వాడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కాలితో నేల తడుముతూ ముందు నడిచాడు. "మామా, నా అడుగుల అడుగెయ్యి, పక్కకు చూడకు," అంటూ పెద్ద రోడ్డు దాకా తెచ్చాడు. ఇదంతా చెప్పేశాను.

చెల్లె నెమ్మదిగా అడిగింది. "ఆ నాడు గూడ తాగి ఉన్నడా అన్నా?"

జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నీ వరసగా నిలబడి, నన్ను వాడుకో, నన్ను వాడుకో అన్నాయి. "లేడు" అంటే ఎంత సుఖం. బావ కూడా తలెత్తాడు.

"తాగే ఉన్నడు చెల్లె. వాసనొచ్చింది. కానీ నాలా కాడ ఆగి, నన్ను ఇవుతలికి తిప్పి, తాను నాలా దిక్కు నడిచిండు."

అప్పుడు ఆమె ఏడ్చింది. గోడకు తిరిగి కాదు, మా వైపు తిరిగి. మా ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంది. ఏడుపులోనే చెల్లె చెప్పడం మొదలుపెట్టింది. వాడు చిన్నప్పుడు సర్వపిండి రొట్టె చేస్తే గిన్నె అడుగున మాడిన పెచ్చు కోసం తండ్రితో కొట్లాడేవాడట. "మాడుదే నాది, మెత్తది మీరు తినుండ్రి" అనేవాడట. బావ మొదటిసారి నోరు విప్పాడు. "రెండు పెచ్చులుంటే రెండూ వానికే."

మా ఆవిడ తెచ్చిన స్టీలు డబ్బాలో ఉన్నది సర్వపిండే. అందులో బాగా మాడిన ముక్క ఏరి ఆకులో పెట్టింది. మా ఇంట్లో అలాంటి ముక్కకు కరువు లేదు. ఆ మాట పైకి అనలేదు. నా సంయమనం అంతటిది. మేనమామ సీసాను మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

చెల్లె చెబుతూనే ఉంది. మేమంతా ఆమె ముఖమే చూస్తున్నాం. ఎవరికో కాకి సంగతి గుర్తొచ్చి తిరిగి చూసేసరికి ఆకు ఖాళీ. కాకి వచ్చింది, నేను చూశాను. చూశాననే అందరితోనూ చెప్పాను. అక్కడ గోడ పక్కన ఒక మేక నెమరు వేస్తూ ఉందని మా ఆవిడ అంటుంది. మేక అక్కడ ఉన్న మాట నిజం.

దినాలయ్యాక సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. వచ్చేవాళ్లు రావడం మానేశారు, అందరికీ సొంత సాంచాలున్నాయి కదా. నేను సాయంత్రాలు వెళ్లి కూర్చునేవాణ్ణి. ఒకరోజు చాయ్ తాగుతుండగా బావ, "గుండెపోటు గాదు బావా," అన్నాడు.

"ఊఁ," అన్నాను.

"ఆఖరుకు వాణ్ని గదిల పెట్టి గొళ్లెం వేసిన. మాన్పిద్దామని. ఒళ్లంత వణికి, గోడల మీద చీమలు పాకుతున్నయని అరిచిండు. డాక్టరేమో ఒక్కసారే బంద్ చేపియ్యొద్దు, దవాఖానల పెట్టి మెల్లగ మాన్పియ్యాలె అన్నడు. గొళ్లెం తీసిన. తీసినంక మళ్ల తాగిండు." గ్లాసు కింద పెట్టాడు. "తియ్యకుంటే బతికెటోడా? అసలు వెయ్యకుంటే బతికెటోడా?"

నా దగ్గర దీపం ఉంది, నూనె ఉంది, ఒత్తి ఉంది. "నాకు తెల్వది బావా," అన్నాను. ఆ తర్వాత చాయ్ అయ్యేదాకా నోరు మూసుకున్నాను. ఇంతటి ఘనకార్యం జన్మలో చేయలేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు, మా ఆవిడ కూడా నమ్మలేదు. ఆయన ఇంకో చాయ్ పోయించి, గొళ్లెం సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మళ్లీ విన్నాను.

నిన్న వాళ్లింటికి ఊరి నుంచి చుట్టాలొచ్చారు. "ఏమైంది పిలగానికి?" అని అడిగారు. "తాగుడు," అంది చెల్లె, ఇంకో మాట కలపలేదు. వాళ్లు సలహా కోసం గొంతు సవరించుకుంటుండగానే అందుకుంది. "కాల్హేర్ మునిగిన నాడు, గీ అన్నను భుజం మీద ఎక్కించుకొని తెచ్చిండు. నీళ్లు మెడ దాంక."

అందరూ నన్ను చూశారు. చెల్లె కూడా చూసింది.

"పాము గూడ ఉండె," అన్నాను.