జనరేటర్ పక్క సీట్లు

నరసరావుపేటలోని మా అద్దె గదిలో ఉన్నవి: నేను, నా రూమ్మేట్, రెండు మంచాలు, అతని స్పీకరు. ఇద్దరం ఇంజనీరు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాం. కొత్త పాఠాలకు నిశ్శబ్దం కావాలని వాటిని తెల్లవారుజామున పెట్టుకున్నాను. పాఠాల్లోని బొమ్మలు గీసేటప్పుడు మాత్రం మాటల్లేని వీణ వాద్యం వినేవాణ్ని. నేను పాఠం తెరిచే వేళకే అతను సినిమా పాటలు పెట్టేవాడు. మాటలు చెవిలో పడితే చదివింది ఎక్కదు. ఆపమంటే, "ఏందిరా, పరీక్ష హాల్లో గూడా చెవుల్లో దూది పెట్టుకుంటావా?" అన్నాడు.

పగ పట్టాను. పాఠాలను లైబ్రరీకి మార్చాను, గోల అలవాటు కావాలని, అప్పటికే వచ్చిన లెక్కలను బస్టాండులో సాధన చేశాను. నేను లేని గదిలో పాటలు పెట్టే పని లేక అతను నిశ్శబ్దంగా చదువుకున్నాడు.

మాక్ టెస్టు రోజు పరీక్ష హాల్లో కరెంటు ఉండదని, జనరేటర్ వేస్తామని ముందే చెప్పారు. "ఒరేయ్, నాకూ సీటు పట్టు" అన్నాడు. జనరేటర్ పక్కన, దాని హోరు నేరుగా వచ్చే కిటికీ దగ్గర రెండు సీట్లు పట్టాను. వందకు నాకు 81, అతనికి 43.